రెజ్యూమే సర్ది ఇస్తామనే సర్వీసులకు డబ్బు కట్టే ముందు ఒక్కసారి ఇది చదవండి

పేరాల్లో రాసుకున్న రెజ్యూమే ఇస్తే హెడ్డింగులు, బుల్లెట్ పాయింట్లు పెట్టి పంపుతామని చెప్పే ఒక ఆన్‌లైన్ సర్వీసుకు మా చెల్లెలి రెజ్యూమే ఇచ్చాం. డబ్బు ముందే కట్టించుకున్నారు. తిరిగొచ్చిన ఫైల్ చూడటానికి చాలా నీట్‌గా ఉంది. కానీ లోపల విషయమే మారిపోయింది. అందుకే ఈ పోస్ట్.

చెల్లి ఇచ్చిన పేరా దాదాపు ఇలా ఉంది: "2018 జూన్‌లో ఒక గోదాంలో స్టాక్ అసిస్టెంట్‌గా చేరాను. వచ్చిన సరుకు రోజూ రిజిస్టర్‌లో ఎక్కించేదాన్ని, నెలాఖరు లెక్కల్లో సూపర్‌వైజర్‌కు సాయం చేసేదాన్ని. 2021 మార్చిలో ఇంకో కంపెనీలో కొనుగోళ్ల విభాగానికి మారాను. ఇక్కడ 40 మంది సప్లయర్ల బిల్లులు చూస్తున్నాను. పాత రిజిస్టర్లన్నీ ఎక్సెల్‌లోకి మార్చాను."

ఇందులో రెండు ఉద్యోగాలున్నాయి. పేరాను విడగొట్టేటప్పుడు మొట్టమొదట తేల్చుకోవాల్సింది ఏ వాక్యం ఏ ఉద్యోగానిది అన్నదే. వాళ్లు ఆ పని చేయలేదు. రిజిస్టర్లను ఎక్సెల్‌లోకి మార్చిన పని ఇప్పటి ఉద్యోగంలోది. అయినా "రిజిస్టర్" అనే మాట కనబడగానే దాన్ని గోదాం ఉద్యోగం కింద పెట్టేశారు. "లెక్కల్లో సాయం చేసేదాన్ని" అన్నది "నెలాఖరు లెక్కలు నిర్వహించాను" అయింది. 40 మంది సప్లయర్లు అన్న అంకె ఎగిరిపోయి "సప్లయర్ల బిల్లులు" మిగిలింది. ఇంటర్వ్యూలో "లెక్కలు మీరే చూసేవారా?" అని అడిగితే సమాధానం చెప్పుకోవాల్సింది చెల్లి, వాళ్లు కాదు. నాకు అన్నిటికన్నా కోపం తెప్పించింది ఇదే.

బుల్లెట్లు కూడా ఒక పద్ధతిలో లేవు. ఒకటి పూర్తి వాక్యం, చివర ఫుల్‌స్టాప్. పక్కది రెండు మాటల ముక్క. ఒక తేదీ "జూన్ 2018", ఇంకోటి "03/2021". మానేసిన ఉద్యోగం గురించి "చూస్తున్నాను" అని రాశారు. చివరికి మేమే కూర్చుని అనుభవం భాగాన్ని ఇలా మార్చుకున్నాం:

కొనుగోళ్ల విభాగం, మార్చి 2021 – ప్రస్తుతం
- 40 మంది సప్లయర్ల బిల్లులు చూస్తున్నాను
- పాత రిజిస్టర్లన్నీ ఎక్సెల్‌లోకి మార్చాను

స్టాక్ అసిస్టెంట్, జూన్ 2018 – మార్చి 2021
- వచ్చిన సరుకును రోజూ రిజిస్టర్‌లో ఎక్కించాను
- నెలాఖరు లెక్కల్లో సూపర్‌వైజర్‌కు సాయం చేశాను

కొత్త ఉద్యోగం పైన, పాతది కింద. ఇప్పటికీ చేస్తున్న పనికి వర్తమానం, అయిపోయిన పనికి భూతకాలం. తేదీలన్నీ ఒకే తీరు. చెల్లి చెప్పని మాట ఒక్కటీ లేదు.

ఇంకో లోపం పైకి కనబడదు. పేజీని రెండు నిలువు భాగాలుగా చూపించడానికి మొత్తం ఒక టేబుల్‌లో పెట్టారు. ఫోన్ నంబర్, ఈమెయిల్ పేజీ హెడర్‌లోకి తోశారు. చాలా కంపెనీలు రెజ్యూమేలను ముందు సాఫ్ట్‌వేర్‌తో చదివిస్తాయి. కొన్ని సాఫ్ట్‌వేర్లు టేబుల్‌ను అడ్డంగా చదువుతాయి, అప్పుడు ఎడమవైపు స్కిల్స్ కుడివైపు ఉద్యోగాల మధ్యలో దూరిపోతాయి. హెడర్‌లో ఉన్నదాన్ని కొన్ని అసలు తీసుకోవు. అంటే రెజ్యూమే చేరుతుంది, ఫోన్ నంబర్ చేరకపోవచ్చు.

మీకొచ్చిన ఫైల్ ఎలాంటిదో తెలుసుకోవడం తేలికే. Ctrl+A, Ctrl+C కొట్టి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. వరుస తారుమారైనా, పేరు, ఫోన్ నంబర్ కనబడకపోయినా అనుమానించాల్సిందే. సాఫ్ట్‌వేర్ అచ్చం అలాగే చదువుతుందని కాదు గానీ, పెద్ద తప్పులు అక్కడే బయటపడతాయి. తర్వాత వర్డ్‌లో View మెనూలోని Navigation Pane తెరవండి. హెడ్డింగులు నిజంగా హెడ్డింగ్ స్టైల్‌తో పెట్టి ఉంటే అక్కడ వరుసగా కనిపిస్తాయి. మాకు వచ్చినదాంట్లో అది ఖాళీగా ఉంది, మామూలు అక్షరాలనే బోల్డ్ చేసి పెద్దవి చేశారు. ఇక Ctrl+Shift+8 నొక్కితే స్పేస్‌లు చుక్కలుగా కనబడతాయి. బుల్లెట్ ముందు చుక్కల వరస ఉంటే గీత, స్పేస్‌లు చేత్తో కొట్టారన్నమాట. అలాంటిచోట ఒక మాట చేరిస్తే చాలు, రెండో లైను ఎడమ అంచుకు జారిపోతుంది.

సరిచేయమని అడిగితే "టెంప్లేట్ అంతే, మార్పులకు విడిగా కట్టాలి" అన్నారు. ఎడిట్ చేసుకునే ఫైల్ కావాలంటే దానికీ వేరే రేటు. మొదట పంపింది పీడీఎఫ్ మాత్రమే. వర్డ్ ఫైల్ కోసం మళ్లీ కట్టాకే పై లోపాలన్నీ చూడగలిగాం.

కాబట్టి డబ్బు కట్టకముందే మీ రెజ్యూమేలోంచి రెండు ఉద్యోగాలు కలిసిపోయి ఉన్న ఒక్క పేరా పంపి, శాంపిల్‌గా సర్ది వర్డ్ ఫైల్‌లో ఇమ్మనండి. అంకెలు, తేదీలు ఉన్న పేరా అయితే ఇంకా మంచిది. ఇవ్వం అంటే అక్కడితో వదిలేయండి. ఇస్తే పాత పేరాలోని ఒక్కో వాక్యాన్నీ కొత్తదాంట్లో వెతికి, దొరికినదాన్ని టిక్ పెట్టుకుంటూ పోండి. టిక్ పడని వాక్యం ఉన్నా, మీరు రాయని క్రియ కనబడినా పూర్తి రెజ్యూమే వాళ్ల చేతికి ఇవ్వకండి.