ఊడిన ఫాల్‌కు సూదా, పిన్నీసా, టేపా? ఇరుక్కున్న జిప్పుకు కొవ్వొత్తా, పెన్సిలా?

ముహూర్తానికి పావుగంట ఉంది. పట్టుచీర కట్టడం అయిపోయింది, కుచ్చిళ్లు చక్కగా కుదిరాయి. అడుగు వేయగానే కాలి మెట్టె తగులుకుని కింద ఫాల్ జానెడు మేర ఊడి వేలాడింది. ఇలాంటప్పుడు చేతులు ముందు పిన్నీసు కోసమే వెతుకుతాయి. ఎవరి సంచిలో చూసినా దొరికేది అదే మరి. కానీ ఈ పనికి పిన్నీసు రెండో మాట. మొదటి మాట సూదీ దారమే.

ఎందుకో తెలియాలంటే బట్టను లాగుతున్నది ఏదో, ఎటు లాగుతోందో చూడాలి. చీర కింది అంచును పాదం రోజంతా ఒక్కో చోట ఒక్కోలా తన్నుతూ ఉంటుంది. కుట్టు వేస్తే ఆ లాగుడు ఇరవై చోట్లకు పంచుకుపోతుంది. పిన్నీసు వేస్తే అదంతా రెండు రంధ్రాల మీద పడుతుంది. టేపు తీరు ఇంకోటి. రెండు పొరలు ఒకదాని మీద ఒకటి జారబోతే అది గట్టిగానే ఆపుతుంది. కానీ ఒక కొస నుంచి ఒలిస్తే మాత్రం అరటి తొక్కలా వచ్చేస్తుంది. కాలి వేళ్లు, మెట్టెలు, పట్టీలు చేసేది సరిగ్గా ఆ ఒలిచే పనే.

ఏది వాడినా ముందు ఒక జాగ్రత్త. వేలాడుతున్న దారాన్ని లాగి తెంపొద్దు. ఫాల్‌ను చాలావరకు ఒకే దారంతో వరసగా తురపాయి చేసి ఉంటారు. లాగితే ఊడని చోట కూడా కుట్లు ఒకదాని వెనక ఒకటి విడిపోతాయి. ఆ దారాన్నే సూదికి ఎక్కించి, చివరి గట్టి కుట్టు చుట్టూ రెండు ముళ్లు వేసి, మిగిలింది కత్తిరించండి. రెండో కొసకూ అంతే. ఇక్కడితో చిరుగు పెరగడం ఆగుతుంది.

చీర విప్పే వ్యవధి లేదు కాబట్టి ఒంటి మీదే కుట్టాలి. మనిషి నిలబడాలి, కుట్టేవాళ్లు కింద కూర్చోవాలి. చాలాసార్లు జరిగే పొరపాటు చీరతో పాటు లోపలి లంగాను కూడా కలిపి కుట్టేయడం. దీనికి తేలికైన ఉపాయం శుభలేఖ అట్ట. ఫాల్‌కూ లంగాకూ మధ్య ఆ అట్టను దూర్చితే సూది దాన్ని దాటి పోదు, కాలికీ గుచ్చుకోదు. మూరెడు దారం, ఒంటి పేట మాత్రమే తీసుకోండి. రెండు పేటలు వేస్తే పట్టు మీద గీతలా ఉబ్బి కనిపిస్తుంది. సరిపడే రంగు దొరక్కపోతే అంచు రంగు కన్నా కాస్త ముదురుది ఎంచుకోండి. లేతది అయితే వెంటనే కంటికి కనబడుతుంది.

ఊడిన చోటుకు ఒక అంగుళం ముందు మొదలుపెట్టి, ఒక అంగుళం దాటాక ఆపాలి. జానెడు ఊడితే సుమారు పదకొండు అంగుళాల పని. అర అంగుళానికి ఒక కుట్టు లెక్కన ఇరవై రెండు కుట్లు పడతాయి, చెయ్యి తిరిగినవాళ్లకు అయిదారు నిమిషాలు. ప్రతి కుట్టుకూ చీర వైపు నుంచి ఒకటి రెండు పోగులే సూది కొనకు ఎత్తుకోవాలి, ఫాల్ వైపు కాస్త ఎక్కువ తీసుకోవచ్చు. దారాన్ని బిగించి లాగొద్దు. లాగితే అంచు ముడుచుకుని, నడుస్తుంటే అక్కడ అలలా లేస్తుంది. అయిదు కుట్లకోసారి అదే చోట ఇంకో కుట్టు వేయండి. మళ్లీ మెట్టె తగిలినా అక్కడిదాకే తెగుతుంది తప్ప మొత్తం జారిపోదు.

సూది దొరకనే లేదు, పిన్నీసులే ఉన్నాయి అనుకుందాం. అప్పుడు అంగుళం లోపు చిన్నవి నాలుగైదు, రెండేసి అంగుళాల దూరంలో పెట్టండి. ఒకే పెద్ద పిన్నీసు మధ్యలో పెట్టి వదిలేయడం అన్నిటికన్నా చెడ్డ పని, బరువంతా దాని మీదే పడి పట్టు చీలుతుంది. పెట్టే ముందు మొనను గోటి మీద నెమ్మదిగా గీసి చూడండి. గరుకుగా పట్టుకుంటే ఆ పిన్నీసు పారేయండి, అది పోగుల మధ్య నుంచి దూరదు, పోగును తెంపుతుంది. జరీ మీద పెట్టకుండా జరీ పక్కనున్న పట్టులో గుచ్చండి. పిన్నీసు అంచు వెంబడి అడ్డంగా, లోపలి వైపు ఉండాలి. నిలువుగా పెడితే పట్టీ గజ్జె దానికి చిక్కుకుని మళ్లీ మొదటికి వస్తుంది.

బట్టను నిజంగా పాడుచేసేది పిన్నీసు మొన కాదు, రెండో కొసన ఉండే చుట్ట. నడుస్తున్న కొద్దీ బట్ట దానిలోకి జరిగి నలుగుతుంది, తీసేటప్పుడు పోగులు లేచి వస్తాయి. ఒక చిన్న పూసను ముందు పిన్నీసులోకి ఎక్కించి చుట్ట దాకా తోసి, ఆ తరవాత గుచ్చితే బట్ట పూస దగ్గరే ఆగిపోతుంది. పైట పిన్నుకూ ఇదే పద్ధతి.

టేపు సంగతి చూద్దాం. పట్టుకూ జరీకీ టేపు వద్దు. జిగురు మిగిలిపోతుంది, పాత జరీ అయితే ఒలిచేటప్పుడు పైపూత కూడా లేచి రావచ్చు. జార్జెట్, షిఫాన్ మీద సరిగా అతకదు, పైగా బయటికి కనబడుతుంది. టేపు నిజంగా సూదిని మించే చోటు ఒకటుంది, అది ఫార్మల్ ప్యాంటు, పాలియెస్టర్ కుర్తీ లాంటి నున్నని, మధ్యరకం బట్ట. అక్కడ మడత రోజంతా కిందికి జారాలని చూస్తుంది, ఆ జారుడును టేపు బాగా ఆపుతుంది. బట్టలకని అమ్మే రెండు వైపులా జిగురున్న పల్చని టేపే కావాలి. గోడకు అంటించే మెత్తటి నురగ టేపు మందంగా ఉండి అంచు ఉబ్బుతుంది. పొడవుగా ఒకే ముక్క అంటించకుండా రెండేసి అంగుళాల ముక్కలు చిన్న ఎడంతో పెట్టండి. ఒకటి ఒలిచినా పక్కది నిలబడుతుంది. ఒక్కో ముక్కను పదిహేను సెకన్లు అదిమి పట్టాలి. ప్యాంటు తొడిగేటప్పుడు బొటనవేలు మడతలో దూరితే అంతా ఊడుతుంది కాబట్టి పాదం చాచి మెల్లగా దించండి. టేపు ఉండగా ఇస్త్రీ పెట్టొద్దు, జిగురు కరిగి బట్టలోకి ఇంకుతుంది.

బ్రా స్ట్రాప్ కనబడే ఇబ్బందికి మాత్రం తీర్పు తిరగబడుతుంది, ఇక్కడ పిన్నీసే మేలు. భుజం దగ్గర చెమట పడుతుంది, పౌడరు ఉంటుంది, కాబట్టి ఒంటికి అంటించిన టేపు గంటలోపే జారొచ్చు. జాకెట్టు భుజం కుట్టు లోపలి వైపు మిగులు గుడ్డ మడత ఉంటుంది. చిన్న పిన్నీసును స్ట్రాప్ గుండా ఆ మడతకు మాత్రమే గుచ్చండి, పై గుడ్డ దాకా పోనివ్వొద్దు. మొన మెడ వైపు కాకుండా చేతి వైపు చూడాలి. స్ట్రాప్ కనబడటం కాదు, భుజం మీద నుంచి జారిపోతోంది అంటే కారణం వేరు. అప్పుడు వీపు వెనక రెండు స్ట్రాపులనూ దగ్గరికి తెచ్చి ఒక రిబ్బను ముక్కతో కడితే చాలు. వీపు బాగా దించి కుట్టిన జాకెట్టులో అది బయటపడుతుంది కాబట్టి అక్కడ పిన్నీసే గతి.

ఇక జిప్పు. దీంట్లో ఏ మందు వేయాలో అడిగే ముందు రోగం ఏదో చూడాలి, ఎందుకంటే ఇరుక్కున్న జిప్పులన్నీ ఒకటి కాదు.

రన్నర్‌లో లైనింగ్ చిక్కుకుంటే కొవ్వొత్తి, పెన్సిల్ రెండూ పనికిరావు. పైకి లాగే కొద్దీ గుడ్డ ఇంకా లోపలికి పోతుంది. లోపలి వైపు తిప్పి ఏ పక్క గుడ్డ పడిందో చూడండి. ఆ గుడ్డను రన్నర్‌కు ఆనుకుని పట్టుకుని పక్కకు లాగుతూ, రెండో చేత్తో రన్నర్‌ను వచ్చిన దారిలోనే వెనక్కి కొంచెం కొంచెం కదపండి. ఒక్కసారి జరిగిందంటే మిగతాది దానంతటదే వదులుతుంది.

గుడ్డ చిక్కలేదు, ఊరికే బిరుసుగా ఉంది అంటే పళ్లకు రుద్దాలి. లోహపు పళ్లున్న జీన్స్, బ్యాగులకు పెన్సిల్ మొన బాగా పనిచేస్తుంది. లెహంగాలు, కుర్తీలకు ఉండే నైలాన్ జిప్పుకు, ముఖ్యంగా లేతరంగు బట్టకు, పెన్సిల్ నల్ల మరక పెడుతుంది. అక్కడ తెల్ల కొవ్వొత్తి గానీ ఎండిన సబ్బు ముక్క గానీ మేలు. రన్నర్‌కు పైనా కిందా రెండేసి అంగుళాల మేర రుద్ది, నాలుగైదుసార్లు కొద్ది కొద్దిగా పైకీ కిందికీ ఆడించండి. కొబ్బరినూనె వద్దు. జిప్పు కదులుతుంది గానీ పట్టు మీద నూనె పాకిన మరక డ్రైక్లీనింగ్ దాకా వదలదు.

లెహంగా పక్క జిప్పు నడుము దగ్గరే ఆగిపోతోంది అంటే, అక్కడ కుట్టు మడతలు కలిసి మందంగా ఉన్నాయని అర్థం. ఇంకొకరు జిప్పు రెండు అంచులనూ రెండు చేతులతో దగ్గరికి నొక్కి పట్టాలి, వేసుకున్నవాళ్లు ఊపిరి వదిలి నిలబడాలి, అప్పుడు లాగాలి. అడ్డంగా లాగుడు ఉన్నంతసేపు ఎంత మైనం రుద్దినా రన్నర్ ఆ మడత ఎక్కదు.

మూడో రకం, రన్నర్ పైకి వెళ్తుంది గానీ దాని వెనక పళ్లు విచ్చుకుంటాయి. తప్పు చాలావరకు పళ్లది కాదు, అరిగి వదులైన రన్నర్‌ది. దాన్ని పూర్తిగా కిందికి దించి, ప్లయర్‌తో వెనక కొసలను, అంటే పళ్లు కలిసి బయటికొచ్చే వైపును, ముందు ఒక పక్క, తరవాత రెండో పక్క చిటికెడంత నొక్కండి. ప్రతి నొక్కుకూ ఒకసారి లాగి చూడండి. ఎక్కువ నొక్కితే రన్నర్ అసలు కదలదు, నాసిరకమైతే విరుగుతుంది.

ప్లయర్ లేకపోయినా, పళ్లే ఊడిపోయినా, ఇక పిన్నీసుల మీద ఆధారపడొద్దు. నడుము దగ్గర అడ్డంగా లాగే బిగువుకు అవి వంగి తెరుచుకుంటాయి, తెరుచుకున్న మొన నేరుగా ఒంటికే తగులుతుంది. రెండు అంచులనూ కలిపి అర అంగుళానికి ఒకటి చొప్పున కచ్చా కుట్లు వేయండి, ఈసారి దారం రెండు పేటలు. మడత లోపల దాగిపోతుంది కాబట్టి కావాలనే బట్టకు భిన్నమైన రంగు దారం వాడండి. రాత్రి ఇంటికొచ్చాక కత్తెరతో విప్పేటప్పుడు ఏది కచ్చా కుట్టో, ఏది దర్జీ వేసిన అసలు కుట్టో తేలిగ్గా తెలుస్తుంది.