టీవీ రిమోట్‌తో తెలుగులో కంప్లైంట్ పంపారంటే మీ డబ్బు పోయినట్టే

ఇప్పుడే ఫోన్ పెట్టేశాను. చేతులు ఇంకా వణుకుతున్నాయి. కోపం తగ్గాక రాద్దామనుకుంటే ఇక రాయనేమో, అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

తెనాలి దగ్గర పల్లెలో అమ్మ ఒక్కతే ఉంటుంది. ఆమె కోసం టీవీ కొన్నాను. షాపు పేరు ఇక్కడ రాయను. బిల్లు 16,500. కొనేటప్పుడు సేల్స్ కుర్రాడు రిమోట్ చేతికిచ్చి, తెర మీద తెలుగు కీబోర్డు తెరిచి చూపించాడు. "ఏ సమస్య వచ్చినా అమ్మగారు ఫోన్ కూడా చేయక్కర్లేదు సార్, ఈ సర్వీస్ యాప్‌లో తెలుగులోనే టైప్ చేసి పంపితే చాలు" అన్నాడు. నమ్మాను. అక్కడే ఒక్క మాట టైప్ చేసి నా ఫోన్‌కు పంపి చూడాల్సింది. ఇరవై ఏళ్లుగా డీటీపీ చేస్తున్నవాణ్ణి, తెలుగు అక్షరాలు ఎక్కడెక్కడ విరిగిపోతాయో తెలిసినవాణ్ణి. చూడలేదు. ఆ తప్పు నాది.

అయిదో రోజుకు తెర మధ్యలో నిలువుగా ఆకుపచ్చ గీత వచ్చింది. ఏడు రోజుల్లోపు చెబితే టీవీ మారుస్తారు. అమ్మ ఫోన్ అప్పటికే రిపేరుకు ఇచ్చి ఉంది. పాపం, కుర్రాడు చెప్పినట్టే రిమోట్ పట్టుకుని కూర్చుంది.

ఆమె రాయాలనుకున్నది ఒక్క వాక్యం. "టీవీలో గీత వస్తోంది." మనం పలికేటప్పుడు ఎంత చిన్నది! కానీ కీబోర్డు లెక్కలో గుణింతాలు, పొల్లు, సున్నా, ఖాళీలు అన్నీ కలిపి 19 నొక్కుళ్లు. ఒక్కోదానికి ముందు బాణం గుర్తుతో నాలుగైదు గళ్లు జరిగి ఆ అక్షరం దాకా వెళ్లాలి. పైగా ఆ టీవీకి ఊపిరి ఆడదు. బాణం నొక్కితే సెకను దాకా ఏమీ కదలదు. నొక్కుడు పడలేదేమోనని మళ్లీ నొక్కితే, రెండూ ఒకేసారి పడి గడి దాటిపోతుంది. తర్వాత వీడియో కాల్‌లో పక్కింటి పిల్ల ఫోన్ పట్టుకుంటే, అమ్మ ఎలా రాసిందో నాకు చేసి చూపించింది. కళ్లద్దాల పైనుంచి రిమోట్ చూస్తుంది, బొటనవేలు పెడుతుంది, తల ఎత్తి తెర చూస్తుంది, గడి కదిలేదాకా ఆగుతుంది, మళ్లీ తల దించుతుంది. నలభై నిమిషాలు పట్టిందట. రెండుసార్లు చెరిపి మళ్లీ రాసిందట. తెర మీద అక్షరాలు సరిగ్గానే కనిపించాయట. ఆరో రోజు సాయంత్రం పంపింది.

ఎనిమిదో రోజు దాకా ఎవరూ రాకపోతే నాకు చెప్పింది. వెంటనే షాపుకు ఫోన్ చేశాను. మెసేజ్ అందిందా అంటే అందిందన్నాడు. మరి ఎందుకు రాలేదంటే, అతను అన్న మాట ఇది: "మీ అమ్మగారు ఏదో పిచ్చిపిచ్చిగా నొక్కి పంపారు సార్. పెద్దవాళ్లు కదా, వాళ్లకి రాదు. దాన్ని మేం కంప్లైంట్‌గా తీసుకోలేదు. ఇప్పుడు ఏడు రోజులు అయిపోయాయి, ఇక రిపేరే."

వెనకాల ఎవరో నవ్వారు. నాకు స్పష్టంగా వినిపించింది.

గీత సంగతి పక్కన పెట్టండి, డబ్బు సంగతీ పక్కన పెట్టండి. నలభై నిమిషాలు ఓపికపట్టి ఒక్క తప్పు లేకుండా రాసిన మనిషిని పట్టుకుని "పిచ్చిపిచ్చిగా నొక్కింది" అంటాడా? "రాదు" అని తీర్పు చెబుతాడా? ఆ యాప్‌లో తెలుగులో రాయొచ్చని చెప్పి అమ్మిందే వీళ్లు.

ఆ మెసేజ్ నాకు పంపమన్నాను. గునుస్తూ స్క్రీన్‌షాట్ వాట్సాప్ చేశాడు. మొదలే ఇలా ఉంది:

```
à°Ÿà±€à°µà±€
```

చూడగానే అర్థమైంది. ఇది అమ్మ తప్పు కాదు, ఆ టీవీ కీబోర్డు తప్పు కూడా కాదు. యూనికోడ్‌లో ఒక్కో తెలుగు అక్షరం, ఒక్కో గుణింతపు గుర్తు UTF-8 పద్ధతిలో మూడు బైట్లుగా ప్రయాణిస్తుంది. అవతలి కంప్యూటర్ ఆ మూడింటినీ కలిపి ఒక అక్షరంగా చదవాలి. అలా కాకుండా పాత ఇంగ్లిష్ పద్ధతిలో బైటుకో అక్షరం చొప్పున చదివితే ఇలాంటి గోలే వస్తుంది. "టీవీ"లో ట, దీర్ఘం, వ, దీర్ఘం నాలుగు. నాలుగు మూళ్లు పన్నెండు. పైన లెక్కపెట్టండి, సరిగ్గా పన్నెండు గుర్తులు ఉన్నాయి. à° అనీ à± అనీ పదే పదే కనబడుతోందంటే అది తెలుగే, షాపు వాళ్ల వైపు తప్పుగా తెరుచుకుంది, అంతే. అక్షరం అక్షరం తిప్పి చదివాను. అమ్మ రాసింది రాసినట్టే ఉంది. "వస్తోంది"లో స కింద త వత్తుకు కావాల్సిన పొల్లు మాత్రం విరిగింది. ఆ పొల్లు మూడో బైటుకు పాత పద్ధతిలో గుర్తే లేదు కాబట్టి అది మాయమైంది. వత్తులున్న మాటలే ముందుగా చెడేది ఇందుకే.

ఇదంతా వివరించి మళ్లీ ఫోన్ చేశాను. "అవన్నీ మాకు తెలీదు సార్, సిస్టమ్‌లో కంప్లైంట్ లేదు" అన్నాడు. పెట్టేశాడు.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేస్తున్నాను. స్క్రీన్‌షాట్, మెసేజ్ పంపిన తేదీ, బిల్లు అన్నీ పెడుతున్నాను.

మీరు టీవీ కొంటుంటే షాపులోనే "స్త్రీ" అని రిమోట్‌తో టైప్ చేయండి. చూడటానికి ఒకే అక్షరం, లోపల ఆరు గుర్తులు. వత్తులు విడివిడిగా పడినా, పక్కన చుక్కల సున్నా కనబడినా ఆ టీవీకి తెలుగు అతికించడం రాదని అర్థం. ఖాళీ డబ్బాలు వస్తే ఫాంట్ లేదు, కానీ రాసింది లోపల క్షేమంగానే ఉండొచ్చు. ప్రశ్న గుర్తులు వరసగా వస్తే మాత్రం రాసింది చాలావరకు పోయినట్టే, దాన్ని వెనక్కి తేలేం. టీవీలో బాగా కనబడింది కదా అని ఆగిపోకండి, అవతల ఎలా అందిందో వాళ్ల తెర మీద చూపించమనండి. అమ్మ తెర మీద అంతా బాగానే ఉంది మరి.

ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే టీవీ వెనక యూఎస్‌బీ సాకెట్‌కు మామూలు కీబోర్డు పెట్టి చూడండి, చాలా టీవీలు తీసుకుంటాయి. కనీసం ఆ బాణాల బాధ తప్పుతుంది. దానితో కూడా తెలుగు నమ్మకం లేకపోతే "TV LO GEETA" అని ఇంగ్లిష్ అక్షరాల్లోనే రాయించండి. ఆ అక్షరాలకు ఒక్కో బైటే, పాత పద్ధతిలో చదివినా చెడవు. ఫిర్యాదు నంబరు చేతికొచ్చేదాకా మాత్రం అందిందని అనుకోకండి.

అమ్మకు అతను అన్న మాట చెప్పలేదు. "వాళ్లు చూసుకుంటారులే నాన్నా, నేను సరిగ్గానే రాశాగా?" అని అడిగింది. సరిగ్గానే రాశావమ్మా అన్నాను.