మైదా మానేస్తే ఏది మేలు: గోధుమపిండా, చోడిపిండా?

రాయగడ, గుణుపూర్, పర్లాకిమిడి వైపు మన ఇళ్ళలో చోళ్ళకు, అంటే రాగులకు, కొదవ లేదు. వారం సంతలో వాటినే మండియా అని కుప్పలు పోసి అమ్ముతారు. 2017లో ఒడిశా ప్రభుత్వం మిల్లెట్స్ మిషన్ మొదలుపెట్టాక వాటి మాట ఇంకా ఎక్కువగా వినిపిస్తోంది. అందుకే మైదా మానేద్దాం అనుకోగానే చేయి చోడిపిండి డబ్బా మీదకే పోతుంది. కుకీలకైతే అది మంచి ఎంపికే. కేక్‌కి మాత్రం నేను గోధుమపిండికే ఓటేస్తాను.

కారణం గ్లూటెన్, గోధుమల్లో ఉండే సాగే ప్రోటీన్. కేక్ పొంగాలంటే లోపల పుట్టిన గాలి బుడగల్ని పట్టి ఉంచేది ఒకటి కావాలి. మైదా కేక్‌లో ఆ పని గ్లూటెన్, గుడ్డు, ఉడికిన పిండిపదార్థం కలిసి చేస్తాయి. చోళ్ళలో గ్లూటెన్ అసలు లేదు. గుడ్డు కూడా వేయకుండా మొత్తం చోడిపిండితోనే చేస్తే ఓవెన్‌లో పొంగినట్టే పొంగి, బయటకు తీశాక నడుమ కుంగిపోతుంది. కోస్తే పొడిపొడిగా రాలుతుంది. గోధుమపిండిలో గ్లూటెన్ ఉంది కానీ తవుడు కూడా ఉంది. ఆ తవుడు నీళ్ళు బాగా పీలుస్తుంది, మెల్లగా పీలుస్తుంది. మైదాకి రాసిన కొలతల్లోనే గోధుమపిండి వేస్తే కేక్ గట్టిగా, గొంతుకి అడ్డం పడేలా వచ్చేది అందుకే.

నేను నమ్మే కొలత ఇది. గోధుమపిండి 150 గ్రాములు, చోడిపిండి 50 గ్రాములు. రుచికి, రంగుకి చోళ్ళు ఆ మాత్రం చాలు. కప్పుతో కాకుండా తూకంతో వెళ్ళండి, కప్పులో పిండి ఎంత నొక్కితే అంత పడుతుంది. రెండు పిండ్లూ జల్లించి, ఒక కప్పు పెరుగు, 150 గ్రాముల పంచదార పొడి, అరకప్పు నూనె, నాలుగైదు చెంచాల పాలు పోసి కలిపి 20 నిమిషాలు పక్కన పెట్టండి. ఇప్పుడే వంటసోడా వేయకూడదు. సోడా పెరుగు తగలగానే గ్యాస్ వదిలేస్తుంది, తవుడు నానేలోపు ఆ బలం పోతుంది. నానాక చూస్తే పిండి ముందుకన్నా చిక్కబడి ఉంటుంది. గరిటెతో ఎత్తితే ముద్దగా పడకుండా మందపాటి ధారలా జారాలి, జారకపోతే ఇంకో చెంచాడు పాలు. ఆ తర్వాత అర టీస్పూను సోడా, ఒక టీస్పూను బేకింగ్ పౌడర్ జల్లించి, కలిసిందనిపించగానే ఆపేయండి. ఎక్కువసేపు తిప్పితే గోధుమపిండి సాగి కేక్ రబ్బరులా అవుతుంది. ముందే వేడెక్కిన ఓవెన్‌లో 175 డిగ్రీల దగ్గర 35 నుంచి 40 నిమిషాలు.

కుకీల లెక్క వేరు. అక్కడ పొంగు అక్కర్లేదు, నోట్లో గుల్లగా విరగాలి. గ్లూటెన్ లేకపోవడం అక్కడ మేలే చేస్తుంది. అయినా ఉత్త చోడిపిండి అయితే చేత్తో ఎత్తగానే విరిగిపోతాయి కాబట్టి 100 గ్రాముల చోడిపిండికి 50 గ్రాముల గోధుమపిండి కలుపుతాను. చోడిపిండిని ముందు సన్న సెగ మీద కమ్మటి వాసన వచ్చేదాకా వేయించాలి, లేకపోతే పచ్చివాసన ఉండిపోతుంది. పూర్తిగా చల్లారనివ్వండి. వేడిగా ఉండగానే కలిపితే నెయ్యి కరిగి కుకీలు ట్రేలో పరుచుకుపోతాయి. 90 గ్రాముల గట్టి నెయ్యి, 75 గ్రాముల బెల్లం పొడి, అర టీస్పూను బేకింగ్ పౌడర్, ముద్ద కట్టడానికి ఒకటి రెండు చెంచాల పాలు. ముద్దని అరగంట ఫ్రిజ్‌లో పెట్టి, బిళ్ళలు చేసి 170 డిగ్రీల దగ్గర 12 నుంచి 15 నిమిషాలు కాల్చండి.

ఇక్కడే చాలామందికి టెన్షన్. మైదా కుకీ అంచు బంగారు రంగుకి తిరగగానే తీసేస్తాం. ఇది పచ్చిగా ఉన్నప్పుడే ముదురు గోధుమరంగు, కంటికి తేడా తెలియదు. అంచు మీద వేలు పెట్టి చూడండి, అంచు గట్టిపడి నడుమ కాస్త మెత్తగా ఉంటే తీసేయవచ్చు. ట్రేలోనే పది నిమిషాలు వదిలేస్తే గట్టిపడతాయి. మాడు వాసన వచ్చేదాకా ఆగితే చేదెక్కుతాయి.

పంటి కింద గరగర వస్తే తప్పు ప్రతిసారీ చోళ్ళది కాదు. సంతలో కొన్నవాటిలో మట్టి, ఇసుక ఉంటాయి. కడిగి, గాలించి, బాగా ఎండబెట్టి, మరలో రెండుసార్లు ఆడించమనండి. సజ్జపిండితో చేద్దామనుకునేవాళ్ళు మాత్రం ఆడించిన వెంటనే వాడేయాలి. అందులో కొవ్వు ఎక్కువ, కొద్దిరోజుల్లోనే చేదు తిరుగుతుంది. చోడిపిండిలో కొవ్వు తక్కువ కాబట్టి గాలి చొరని డబ్బాలో అంతకన్నా ఎక్కువ రోజులు నిలుస్తుంది.