టవల్ చుట్టా, గదిలో వెతుకులాటా: బోర్ కొట్టిన కుక్కకి ఏది మేలు?

మా చింటూ రెండేళ్ల నాటు కుక్క. బెంగళూరు మారతహళ్లిలో చిన్న ఫ్లాట్ మాది, సాయంత్రం వాన పట్టుకుంటే బయటికి తీసుకెళ్లలేం, ఇక వాడు చెప్పుల మీద పడతాడు. హాల్లో బంతి విసిరితే కాసేపు రొప్పి, నీళ్లు తాగి, మళ్లీ చెప్పుల దగ్గరికే వెళ్లేవాడు. అందుకని ముక్కుతో ఆడే ఆటలు రెండు ఆడించి చూశాం.

మొదటిది, పాత టవల్లో గింజల తిండి చల్లి చుట్టి ఇవ్వడం. మనకి పని తక్కువ, వంట చేసుకుంటూ కూడా ఇవ్వచ్చు. కానీ మూడో రోజుకే చింటూ కిటుకు పట్టేశాడు, పంజాతో తొక్కిపట్టి పళ్లతో లాగితే రెండు నిమిషాల్లో ఖాళీ. గుడ్డ నమిలి మింగే కుక్కకైతే ఇది అసలు వద్దు, పేగుల్లో అడ్డం పడుతుంది.

రెండోది, గదిలో తిండి దాచి వెతికించడం. నా ఓటు దీనికే. వాసన పట్టేటప్పుడు కుక్క సెకనుకు ఐదారు సార్లు గాలి లాగుతుంది, లోపలికెళ్లిన గాలిలో కొంత ఊపిరికి పోకుండా వాసన పట్టే చోటికి వేరుగా మళ్లుతుంది, వదిలిన గాలి ముక్కు పక్క చీలికల్లోంచి పోతుంది కాబట్టి ఎదురుగా ఉన్న వాసన చెదిరిపోదు. రొప్పుతున్నప్పుడు ఈ పని సరిగ్గా సాగదు, అందుకే బంతాట అయిన వెంటనే దీన్ని మొదలుపెట్టకండి.

మేం చేసేది ఇదీ: ఉప్పూ కారం లేకుండా ఉడికించిన చికెన్, శనగగింజంత ముక్కలు ఎనిమిది, రాత్రి తిండిలోంచే తీసి, వాణ్ణి పడకగదిలో ఉంచి హాల్లో దాచుతాం. మొదటి రోజు కళ్లకి కనిపించేలా, తర్వాత కుర్చీ కాలి వెనక, చాప అంచు కింద, వారం పోయాక స్టూల్ మీద. ఐదు నిమిషాలు ఆగి "వెతుకు" అని వదులుతాం. వాసన అందగానే వాడి తల చటుక్కున వెనక్కి తిరుగుతుంది, ముక్కు చప్పుడు వేగంగా వినిపిస్తుంది, ఆ క్షణం చూడాలి మీరు!

మొదట్లో నేను చేసిన తప్పు ఫ్యాన్ ఆపకపోవడం. సోఫా పక్కన పెట్టిన ముక్క కోసం వాడు ఎదురు గోడ దగ్గర తెగ వెతికాడు, ఎందుకంటే గాలి వాసనని అక్కడికి తోసి పోగేసింది. ఇంకో తప్పు, వేలితో చూపించడం. ఒకసారి చూపిస్తే ముక్కు పక్కనపెట్టి మన చేతినే చూస్తూ కూర్చుంటాడు. వెతకడం ఆపి మీ మొహంలోకి చూసి మొరుగుతుంటే చోటు కష్టమైందని అర్థం, ముక్కని ఇంకాస్త తేలిక చోట పెట్టండి. నిన్న దాచిన చోటే మళ్లీ వాసన చూస్తున్నాడని కసరకండి, అక్కడ ఇంకా చికెన్ వాసన ఉంటుంది.

ఇంట్లో రెండు కుక్కలుంటే విడివిడిగా ఆడించండి, తిండి కోసం కొట్టుకుంటాయి. మా వాడికి పది నిమిషాలు చాలు, ఎనిమిదో ముక్క దొరికాక చాప మీద వాలిపోతాడు, చెప్పులు గుమ్మం దగ్గరే ఉంటాయి.