షియాన్ శిలాఫలకం ముందు రెండు ఉదయాలు

మనం పాఠ్యపుస్తకాల్లో నెస్టోరియన్ సంఘమని చదువుకున్న తూర్పు క్రైస్తవ సంఘం మెసపొటేమియా, పర్షియాల నుంచి చైనా రాజధానికి చేరిన జాడలను చూడాలని షియాన్ వెళ్లాను. దక్షిణ ద్వారం దగ్గర, పాత కోటగోడ లోపలే బస తీసుకోవడం మంచిదైంది. రెండో నంబరు మెట్రోలో యోంగ్‌నింగ్‌మెన్ స్టేషన్‌లో దిగితే బేలిన్ మ్యూజియానికి, అంటే 'శిలాఫలకాల వనా'నికి, నడిచి వెళ్లవచ్చు. గది చిన్నదే అయినా ఉదయం తలుపులు తెరిచే వేళకే అక్కడ ఉండగలిగాను. హైస్పీడ్ రైలు స్టేషన్ వైపున్న పెద్ద హోటళ్లు ఎంత సౌకర్యంగా ఉన్నా ఈ పనికి దూరం.

నేను చూడదలచిన ఫలకం సుమారు 2.8 మీటర్ల ఎత్తున్న నల్ల రాయి. దాని నెత్తిన మేఘాల నడుమ పద్మం, ఆ పద్మం మీద చిన్న శిలువ ఉంటాయి. మొదటి రోజు కుదుర్చుకున్న గైడు అక్షరాల అందం గురించి గంటసేపు చెప్పి, అడుగున ఈ సంఘం ఆరాధన భాష అయిన సిరియాక్‌లో ఉన్న లిపిని చూపకుండానే పక్క ఫలకానికి వెళ్లిపోయారు. అది నాకు నిజంగా బాధ కలిగించింది. మర్నాడు ఒక్కడినే వెళ్లి, గాజు మీద వెలుతురు పడని కోణంలో నిలబడి, ముందే అచ్చు వేయించుకున్న అనువాదంతో వరుస వరుసగా సరిచూసుకున్నాను. ఈ ఒక్క రాయి కోసం వెళ్లేవారికి గైడు కంటే అదే మేలు.

781లో నిలిపిన ఈ ఫలకానికి చైనా పాఠం కూర్చినది జింగ్‌జింగ్, అంటే ఆదాము అనే మతగురువు. ఆ పాఠం ప్రకారం 635లో అలోబెన్ అనే బోధకుడు గ్రంథాలతో నాటి రాజధాని చాంగాన్, అంటే నేటి షియాన్, చేరగా, మంత్రి ఫాంగ్ షువాన్‌లింగ్ పరివారంతో ఎదురేగి తీసుకువచ్చారు. 638లో చక్రవర్తి తాయ్‌జోంగ్ యీనింగ్ పేటలో మఠం కట్టించి, 21 మంది సన్యాసులను అనుమతించారు. అక్కడి నుంచి ప్రతి అధ్యాయం ఒక చక్రవర్తి దయ గురించే సాగుతుంది. ఎవరు మఠాలకు అనుమతిచ్చారు, ఎవరు చిత్రపటాలు పంపారు అన్నదే వరుస. ఈ సంఘం దేని మీద నిలబడిందో ఫలకమే చెబుతున్నట్టు నాకు అనిపించింది.

అడుగున, పక్కల సిరియాక్‌లో సుమారు 70 మంది పేర్లున్నాయి. ఫలకాన్ని నిలిపిన యజ్ద్‌బోజిద్ మధ్య ఆసియాలోని బల్ఖ్ నగరానికి చెందిన ఒక మతగురువు కుమారుడు. పేర్లు చదువుతుంటే సంఘం నడిచి వచ్చిన దారి కళ్ల ముందు కదులుతుంది. ఆ దారి ఎంత పొడవైనదో చెప్పే ఆధారం కూడా ఇక్కడే ఉంది. సంఘాధిపతిగా హనానీషో పేరు చెక్కారు గాని, అప్పటికే ఆయన బాగ్దాద్‌లో మరణించారు. ఆ కబురు ఇంకా చాంగాన్ చేరలేదు.

షియాన్‌కు నైరుతిన సుమారు 70 కిలోమీటర్ల దూరంలో జౌజీ దగ్గర ఉన్న దాచిన్ గోపురానికి కారు మాట్లాడుకుని వెళ్లాను. లోపలికి ఎక్కనివ్వలేదు. అది ఈ సంఘానిదేనన్న వాదనను చాలామంది పండితులు అంగీకరించరు. కొండల దృశ్యం బాగున్నా, సమయం తక్కువ ఉన్నవారు దీన్ని వదిలేయవచ్చు.

845లో చక్రవర్తి వూజోంగ్ విదేశీ మతాలను అణచివేసినప్పుడు 2,60,500 మంది బౌద్ధ సన్యాసులు, సన్యాసినులతో పాటు ఈ మతగురువులను కూడా గృహస్థులుగా మార్చారు. మరుసటి ఏడాది వూజోంగ్ మరణించగానే బౌద్ధం మళ్లీ లేచింది, ఎందుకంటే దానికి గ్రామగ్రామాన చైనా ప్రజలే ఉన్నారు. ఈ సంఘంలో ఎక్కువమంది పర్షియా, మధ్య ఆసియాల నుంచి వచ్చినవారు కావడం వల్ల, మఠాలు పోయాక నిలబెట్టేవారు కరువయ్యారని నా అభిప్రాయం. చైనా వెళ్లి తిరిగొచ్చిన అరేబియాలోని నజ్రాన్‌కు చెందిన క్రైస్తవ సన్యాసి ఒకరు అక్కడ క్రైస్తవులు దాదాపు లేకుండా పోయారని చెప్పగా, 987లో గ్రంథకర్త ఇబ్న్ అల్ నదీమ్ బాగ్దాద్‌లో ఆ మాటను రాసుకున్నారు.

మంగోలుల కాలంలో ఇదే సంఘం మళ్లీ వచ్చింది. ఆ కథ కోసం ఇంకో రెండు రోజులు కేటాయించి సముద్రతీరాన ఉన్న చువాన్‌జౌకు వెళ్లడం విలువైనది. అక్కడి సముద్ర రవాణా మ్యూజియంలో పద్మం మీద శిలువ చెక్కిన సమాధి రాళ్లున్నాయి, కొన్నింటిపై సిరియాక్ లిపిలో తుర్కీ భాష కనిపిస్తుంది. 1368లో మంగోలుల యువాన్ పాలన కూలాక రెండోసారి కూడా పోషకులతో పాటే సంఘం కనుమరుగైంది. ఆ సమాధి రాళ్లలో అనేకం నగర ప్రాకారంలోకి వెళ్లి, 20వ శతాబ్దంలో గోడలు పడగొట్టినప్పుడు బయటపడ్డాయి.