కారానికి, అప్పడానికి, వడియానికి ఏ కవరు మేలు?

ఇంట్లో తయారు చేసి చిన్న ప్యాకెట్లలో అమ్మేవారికి ఎక్కువగా దొరికేవి మూడు రకాల కవర్లు. మొదటిది పారదర్శకమైన సాదా ప్లాస్టిక్ కవరు, రెండోది లోపల వెండి రంగు పొర ఉన్న లామినేటెడ్ పౌచ్, మూడోది మధ్యలో చిన్న కిటికీ ఉన్న గోధుమ రంగు కాగితపు పౌచ్. ధర చూసో, అందం చూసో ఒకే రకం ఎంచుకుని మూడు సరుకులకూ వాడటం సరికాదని నా అభిప్రాయం, ఎందుకంటే కారం, అప్పడం, వడియం పాడయ్యే కారణాలు వేర్వేరు.

కారం రంగును దెబ్బతీసేవి వెలుతురు, గాలి. మిరపకాయకు ఎరుపునిచ్చే పదార్థం ఈ రెండింటివల్ల క్రమంగా పాలిపోతుంది. సాదా పాలిథిన్ కవరు తేమను కొంతవరకు ఆపుతుంది కానీ, వెలుతురును ఆపలేదు, గాలినీ వాసననూ పూర్తిగా నిలపలేదు. వెండి పొర ఉన్న పౌచ్ ఈ మూడింటినీ బాగా అడ్డుకుంటుంది కనుక, కారానికీ ధనియాల పొడికీ అదే మేలు. కిటికీ ఉన్న కాగితపు పౌచ్ చూడముచ్చటగా ఉన్నా, కిటికీ దగ్గరి పొడి ముందుగా వెలిసిపోయి, కొన్నవారికి మొదట కనిపించేది ఆ వెలిసిన భాగమే అవుతుంది. నెలలోపే అమ్ముడయ్యే సరుకుకు మాత్రం సాదా కవరు చాలు, దానికి ఖరీదైన పౌచ్ అవసరం లేదు.

అయితే, తడి లోపలే ఉంటే ఎంత మంచి పౌచ్ అయినా దాన్ని లోపలే బంధిస్తుంది. మన ఆహార ప్రమాణాల ప్రకారం కారంలో తేమ 11 శాతం మించకూడదు. కల్లం నుంచి తెచ్చిన ఎండుమిర్చి తేమ మీటరులో 14 శాతం చూపిందనుకుందాం. ఆ 10 కిలోల కాయలో నీరు 1.4 కిలోలు, మిగిలిన పదార్థం 8.6 కిలోలు. తేమ 10 శాతానికి దిగాలంటే మొత్తం బరువు సుమారు 9 కిలోల 550 గ్రాములకు తగ్గాలి. అందువల్ల తొడిమలు తీసిన తర్వాత ఒకసారి, ఎండబెట్టిన తర్వాత మరోసారి తూచితే, మీటరు మళ్లీ చేతికి రాకపోయినా ఎంత ఎండిందో తెలిసిపోతుంది. మర నుంచి వచ్చిన పొడి వేడిగా ఉంటుంది. శుభ్రమైన గుడ్డ కప్పి పూర్తిగా చల్లారనివ్వకుండా సీలు చేస్తే, ఆ ఆవిరి కవరు గోడలపై నీటి బిందువులై పొడి గడ్డలు కడుతుంది. కాస్త పొడిని గాజు సీసాలో మూత బిగించి గంటసేపు ఎండలో ఉంచి చూడటం సులువైన పరీక్ష. పైభాగంలో మంచులాంటి తడి కనిపిస్తే ఆ సరుకును ప్యాక్ చేయకూడదు.

అప్పడం విషయం దీనికి విరుద్ధం. అది మరీ ఎండితే అంచులు చిట్లి, రవాణాలో ముక్కలవుతుంది. మరీ మెత్తగా ఉంటే ఒకదానికొకటి అంటుకుని, కొద్ది రోజుల్లోనే పచ్చటి, నల్లటి బూజు చుక్కలు కనిపిస్తాయి. వేలితో వంచితే కొద్దిగా వంగి, విరగకుండా తిరిగి నిటారు కావడం సరైన దశ. అప్పడాలు విరిగాయో లేదో కొనేవారికి కనిపించాలి కాబట్టి, తేమను బాగా ఆపే దళసరి పారదర్శక పాలీప్రొపిలీన్ కవరే దీనికి మేలు.

వడియాలకు కూడా పారదర్శక కవరే చాలు కానీ, మందం చూడాలి. మినప వడియాల గరుకు అంచులు పలచటి కవరుకు సూదిమొనంత రంధ్రం చేస్తాయి, ఆ దారిలోనే తేమా పురుగూ చేరతాయి. లావుపాటి వడియం పైన గట్టిగా ఎండినా లోపల తడి మిగిలి ఉంటుంది. అందుకే ఎండిన వడియాలను ఒక రాత్రి మూతపెట్టిన డబ్బాలో ఉంచి, లోపలి తడి పైకి వచ్చాక మళ్లీ ఎండబెట్టాలి. ఒకదాన్ని విరిచి మధ్యభాగం పొడిగా ఉందో లేదో చూసుకోవాలి.

నిల్వ గడువును ఇతరుల లేబుల్ చూసి రాయకూడదు. ప్రతి తయారీ నుంచి కొన్ని ప్యాకెట్లు దుకాణంలో ఉండే వేడిలోనే దాచి, నెలకొకటి విప్పి రంగు, వాసన, పెళుసుదనం పరిశీలించాలి. తేడా తెలిసిన నెలకు కనీసం ఒక నెల ముందే గడువు ముగిసేలా తేదీ వేయడం క్షేమం. ఆ తేదీతోపాటు తయారీ తేదీ, బ్యాచ్ నంబరు, నికర బరువు, అన్ని పన్నులతో కలిపిన ధర, చిరునామా, శాకాహారపు ఆకుపచ్చ గుర్తు, 14 అంకెల ఆహార భద్రత లైసెన్సు లేదా రిజిస్ట్రేషన్ నంబరు లేబుల్‌పై ఉండాలి. పదార్థాల పట్టికలో బరువు ఎక్కువగా ఉన్నది ముందు రావాలి. చాలామంది వదిలేసేది ఎలర్జీ వివరం: బజారు ఇంగువలో తరచుగా గోధుమపిండి కలుస్తుంది కాబట్టి, అటువంటి ఇంగువ వేసిన అప్పడాల లేబుల్‌పై గోధుమ అనీ, చల్ల మిరపకాయల లేబుల్‌పై పాలు అనీ తప్పనిసరిగా రాయాలి.