స్టాక్ క్యూబ్ వేస్తే ఉప్పు ఎంత తగ్గించాలి: చాలాకాలం వాడాక

పులావుల్లో, సూపుల్లో స్టాక్ క్యూబులు ఏళ్లుగా వాడుతున్నాను. రుచికి వంక పెట్టను. ఒక్క విషయం మాత్రం ముందే తెలియాలి: అందులో దాదాపు సగం ఉప్పే. అది మసాలా కాదు, రుచి కలిపిన ఉప్పు అనుకుని వాడితేనే వంట కుదురుతుంది.

ఏ క్యూబులో ఎంత ఉప్పుందో ప్యాకెట్ వెనకే ఉంటుంది. సోడియం అంకెను 2.5తో గుణిస్తే ఉప్పు వస్తుంది. 100 గ్రాములకు 20,000 మిల్లీగ్రాముల సోడియం అని ఉంటే, 10 గ్రాముల క్యూబులో 2 గ్రాముల సోడియం, అంటే 5 గ్రాముల ఉప్పు. మెత్తని ఉప్పు ఒక టీస్పూను సమంగా కొలిస్తే సుమారు 6 గ్రాములు. కాబట్టి పెద్ద క్యూబు ఒకటి వేస్తే ముప్పావు టీస్పూనుకు కాస్త పైగా ఉప్పు తగ్గించాలి. చిన్న క్యూబు 4 గ్రాములే ఉంటుంది, దానికి మూడో వంతు టీస్పూను చాలు. రెండూ 'ఒక క్యూబు' అనే రాస్తారు కనుక బరువు చూడకుండా వేయకండి.

అరకిలో చికెన్, రెండు గ్లాసుల బాస్మతి, మూడున్నర గ్లాసుల నీళ్లతో పులావు అనుకుందాం. మామూలుగా రెండు టీస్పూన్ల ఉప్పు, అంటే 12 గ్రాములు పడుతుంది. పెద్ద క్యూబు 5 గ్రాములు తెస్తుంది, మిగిలింది 7. అందులో అర టీస్పూను చికెన్‌కు పట్టించి, మిగతాది ఎసరులో వేయండి. ఉల్లిపాయలు వేగేటప్పుడు అలవాటుగా వేసే చిటికెడు ఉప్పు, కొన్న అల్లంవెల్లుల్లి ముద్దలోని ఉప్పు కూడా ఈ లెక్కలోకే వస్తాయి. పులావు ఉప్పగా మారేది ఎక్కువగా ఇక్కడే.

క్యూబును ముందే అర గ్లాసు వేడినీళ్లలో నలిపి, గడ్డ లేకుండా కరిగించండి. నేరుగా గిన్నెలో వేస్తే అడుగున సగం కరగకుండా ఉండి, ఎసరు చప్పగా తగులుతుంది. చప్పగా ఉందని ఇంకో చెంచా ఉప్పు వేస్తే అన్నం ఉడికాక తినలేం. అంతా కరిగి మరిగాక ఎసరు రుచి చూడండి. తాగే సూపు కంటే కాస్త ఉప్పగా అనిపించాలి, బియ్యం వేశాక సరిపోతుంది.

సూపు, గ్రేవీల సంగతి వేరు. లీటరు నీళ్లు మరిగి అర లీటరు అయితే ఉప్పదనం రెట్టింపవుతుంది. వీటిలో క్యూబు వేసి, ఉప్పు అసలు వేయకుండా మరిగించి, దించే ముందు రుచి చూసి వేసుకోవడమే మేలు. ఎక్కువైతే బంగాళాదుంప ముక్కలు ఉప్పు లాగేస్తాయని నమ్మకండి. అవి పులుసుతో పాటే ఉప్పును పీల్చుకుంటాయి, మిగిలిన పులుసు అంతే ఉప్పగా ఉంటుంది. వేడినీళ్లు పోసి పలచన చేయడమే దారి.

కల్లుప్పు వాడేవాళ్లు చెంచాతో కాకుండా తూకంతో తగ్గించండి. రాళ్ల మధ్య ఖాళీ వల్ల అదే చెంచాలో తక్కువ ఉప్పు పడుతుంది.